క్లోరిన్ కలిపిన నీళ్లు తాగినా విరేచనాలా? కారణం ఇదీ!

నూజివీడు మామిడి తోటల చుట్టుపక్కల వాన పడితే పశువుల పేడ కొట్టుకొచ్చి చెరువుల్లో, బావుల్లో కలుస్తుంది. ఆ నీళ్లలో బ్లీచింగ్ పౌడర్ కలిపితే చాలనుకుంటాం. బ్యాక్టీరియా అయితే చస్తుంది. కానీ క్రిప్టోస్పోరిడియం, జియార్డియా అనే పరాన్నజీవులు గట్టి పెంకు కప్పుకొని ఉంటాయి. క్లోరిన్ ఆ పెంకు దాటి లోపలికి తేలిగ్గా వెళ్లలేదు.

లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉంటే జియార్డియా చావడానికి సుమారు 45 నిమిషాలు చాలు. అదే నీటిలో క్రిప్టోస్పోరిడియం చావాలంటే 15,300 నిమిషాలు, అంటే దాదాపు పదిన్నర రోజులు పడుతుంది. కుళాయి నీటిలో ఉండాల్సిన కనీస క్లోరిన్ 0.2 మిల్లీగ్రాములే. ఆ లెక్కన 53 రోజులు!

1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో జరిగింది ఇదే. నీటిలో క్లోరిన్ ఉంది, కానీ ఫిల్టర్లు సరిగా పనిచేయక నీటి మడ్డితనం పెరిగింది. దాదాపు 4 లక్షల మంది జబ్బుపడ్డారు. అంటే ఈ క్రిములను ఆపాల్సింది ముందుగా ఫిల్టరే. నీళ్లు మడ్డిగా వస్తే అదే మొదటి హెచ్చరిక. కోలిఫాం పరీక్షలో నీళ్లు బాగున్నాయని తేలినా ఈ క్రిములు లేవని చెప్పలేం.

ఇంట్లో ఏం చేయాలి? నీళ్లు తెర్లి బుడగలు వచ్చాక ఒక నిమిషం మరిగించి, మూత పెట్టి చల్లార్చుకోవాలి. ఫిల్టర్ కొంటే 'అబ్సల్యూట్ 1 మైక్రాన్' అని రాసి ఉందో లేదో చూడాలి. యూవీ కూడా పనిచేస్తుంది, అయితే నీళ్లు తేటగా ఉంటేనే.