అడ్వాన్సు పురాణం: గది ముందా, డబ్బు ముందా?

అద్దెకి అడ్వాన్సు ఇవ్వడం మనకి కొత్తేం కాదు. ఇల్లు చూస్తాం, నచ్చితే చేతిలో ఎంతో కొంత పెట్టి "ఇంకెవరికీ ఇవ్వకండి" అంటాం. అయితే ఆ డబ్బు అద్దెకొచ్చేవాడి మాట మీద నమ్మకం కోసమే గానీ, యజమాని మాట మీద కాదు. యజమానికి పూచీ ఎవరంటే, ఎదురుగా నిలబడ్డ ఇల్లే. వాడు మాట తప్పినా ఇల్లు ఎక్కడికీ పారిపోదు కదా! ఆ ఇల్లు కాస్తా ఫోన్లో నాలుగు ఫొటోలైపోయిన రోజున పూచీ మాయమైంది. అడ్వాన్సు మాత్రం మిగిలింది.

ఈ చిక్కు మన తపాలా శాఖకి ఎప్పుడో తెలుసు. 1877లో వీపీపీ మొదలైంది. వస్తువు ఇంటికొచ్చాక పోస్ట్‌మాన్ చేతికి డబ్బిచ్చి పార్సిల్ తీసుకోవడం అన్నమాట. ముందే డబ్బు పంపక్కర్లేదు కాబట్టి కొనేవాడికి ధైర్యం. కానీ డబ్బు కట్టాకే పార్సిల్ విప్పాలి. పత్రికలో ప్రకటన చూసి ట్రాన్సిస్టర్ తెప్పించుకుంటే ఇటుక వచ్చిందన్న కథలు పెద్దవాళ్ళని అడిగితే ఇప్పటికీ చెప్తారు. చూడకుండా కట్టే ఆ ఒక్క అడుగులోనే మోసం దాక్కుంది.

ఇక మేడ్చల్ సంగతి. నల్సార్, బిట్స్ హైదరాబాద్ క్యాంపస్ (2008) శామీర్‌పేట వైపు వచ్చాయి గానీ, అక్కడి పిల్లలుండేది క్యాంపస్ లోపలే. గదులు వెతుక్కునేది కండ్లకోయ, మైసమ్మగూడ చుట్టూ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల వాళ్ళూ, జీనోమ్ వ్యాలీలో ఆర్నెల్ల ప్రాజెక్టుకొచ్చే వాళ్ళూను. ఒకప్పుడు కౌన్సెలింగుకి తండ్రీకొడుకులు స్వయంగా వచ్చేవారు. వచ్చినవాళ్ళు గోడ మీద రాసిన హాస్టల్ పేరు చూసి, మెట్లెక్కి, అన్నం ఎలా ఉందో కూడా అడిగేవారు. వెబ్ కౌన్సెలింగ్ వచ్చాక ఊరు చూడకుండానే సీటొస్తోంది. చేరడానికేమో కొద్ది రోజులే గడువు. 2016లో వచ్చిన యూపీఐతో డబ్బు పంపడానికి అర నిమిషం చాలు. దూరం, తొందర, సులువు మూడూ కలిశాయి.

ఉదాహరణకి ఖమ్మం కుర్రాడికి కండ్లకోయలో సీటొచ్చిందనుకుందాం. నెట్లో ఓ నంబరు దొరికింది. ఫొటోలు బావున్నాయి, అద్దె చుట్టుపక్కల హాస్టళ్ళ కంటే కొంచెమే తక్కువ. మరీ తక్కువైతే అనుమానమొస్తుందిగా! "ఒక్క బెడ్డే ఉంది తమ్ముడూ, ఇంకో ఇద్దరు అడుగుతున్నరు. రెండువేలు టోకెన్ వేస్తే ఆపుతా" అంటాడు. వేశాక, "ఎంట్రీ కాలేదు, డిపాజిట్ ఐదువేలు కలిపితేనే సిస్టమ్ తీసుకుంటది, అద్దెల తగ్గిస్తం" అంటాడు. కుర్రాడు వెనక్కి అడిగితే ఓ క్యూఆర్ కోడ్ పంపి, "స్కాన్ చేసి పిన్ కొట్టు, రీఫండ్ వస్తది" అంటాడు. మొదటి రెండువేలు పోకూడదనే ఆశే మిగతావాటిని లాగుతుంది. పెట్టె సర్దుకుని దిగాక ఆ అడ్రసులో నిజంగానే హాస్టల్ ఉండొచ్చు, కానీ వార్డెన్‌కి ఆ నంబరే తెలీదు.

దీనికే ఇంకో వేషం, సైనికుడిది. "నేను సీఐఎస్ఎఫ్, బదిలీ అయ్యింది, ఫ్లాట్ ఖాళీగా ఉంది" అని ఐడీ కార్డు ఫొటో పంపుతారు. హకీంపేటలో సీఐఎస్ఎఫ్ అకాడమీ ఉంది కాబట్టి ఈ కథ ఇక్కడ ఇట్టే అతుకుతుంది.

పట్టుకోవడం ఎలా? పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, తీసుకోవడానికి అక్కర్లేదు. ఎదుటివాడు మన యాప్‌కి రిక్వెస్ట్ పంపి డబ్బు గుంజే పద్ధతిని వ్యక్తుల మధ్య 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు గానీ, క్యూఆర్ దారి తెరిచే ఉంది. పంపేముందు తెరమీద కనిపించే పేరు చూడండి. అయితే "అది మా మేనేజర్ అకౌంటు" అనే జవాబు వాడి దగ్గర సిద్ధంగా ఉంటుంది, కాబట్టి పేరొక్కటే చాలదు. లైవ్ వీడియో కాల్లో వీధిలోని బోర్డు దగ్గర మొదలుపెట్టి ఆగకుండా గది దాకా నడిచి చూపించమనండి. నిజమైన వార్డెన్‌కి అది రెండు నిమిషాల పని. దొంగకి ఆ బిల్డింగే లేదు.

పోయాక మాత్రం గంటలు లెక్క. డబ్బు ఒక అకౌంటు నుంచి ఇంకోదానికి దూకేలోగా 1930కి ఫోన్ చేసి, లావాదేవీ తాలూకు 12 అంకెల యూటీఆర్ నంబరు చెప్పాలి. cybercrime.gov.in లోనూ ఫిర్యాదు ఇవ్వొచ్చు. డబ్బు ఇంకా ఏదో అకౌంట్లో ఉంటేనే ఆపగలరు, ఏటీఎంలో తీసేశాక కష్టం. కంప్యూటర్ సాధనాలతో వేరొకరిలా నటించి మోసగించడం ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ళ దాకా జైలుశిక్ష పడే నేరం.

చాలామంది పిల్లలు మాత్రం నాన్న తిడతాడని ఆ మొదటి గంటలు మాట్లాడకుండా గడిపేస్తారు. దొంగకి కావాల్సింది కూడా ఆ గంటలే. అందుకే పెద్దాళ్ళకో మాట: మీవాడు ఫోన్ చేసి "డబ్బు పోయింది" అంటే తిట్లు సాయంత్రానికి దాచుకోండి, ముందు నంబరు తీసుకోండి.