కాక్ లేస్తే పక్కపక్కన, దిగితే ముందూ వెనకా

శనివారం పొద్దున మేము ఆడే హాల్లో కోర్టుకి నలుగురు చొప్పున ఆడితేనే అందరికీ వంతు వస్తుంది. అందుకని ఇక్కడ మనవాళ్ళలో సింగిల్స్ ఆడేవాళ్ళు తక్కువ, దాదాపు అందరిదీ డబుల్స్. కొత్తగా వచ్చిన జంటలకి ఆట చూపించే పని కొన్నేళ్ళుగా నా మీద పడింది. వాళ్ళలో చాలామందికి స్మాష్ బాగానే ఉంటుంది, సర్వీస్ కూడా ఫరవాలేదు. పాయింట్లు పోయేది మాత్రం ఇద్దరూ నిలబడే చోటు దగ్గరే.

దీనికి కొంత కారణం మన ఊళ్ళ అలవాటు. బాల్ బ్యాడ్మింటన్ ఆడి వచ్చినవాళ్ళు ఉన్నారు. అందులో జట్టుకి ఐదుగురు, ఎవరి చోటు వాళ్ళది. వీధిలో లైటు వేసుకుని షటిల్ ఆడినవాళ్ళది మరో లెక్క: మధ్యలో గీత ఉన్నట్టు సగం నీది, సగం నాది. డబుల్స్‌లో ఈ రెండూ చెల్లవు. ఇక్కడ చోటు ఎవరి సొంతమూ కాదు, కాక్ ఎటు పోతోందో దాన్ని బట్టి ప్రతి రెండు మూడు దెబ్బలకీ మారుతూ ఉంటుంది.

సూత్రం చిన్నదే. మన వైపు నుంచి కాక్ కిందికి దిగేలా కొడితే, అంటే స్మాష్ గానీ డ్రాప్ గానీ అయితే, ఒకరు ముందు, ఒకరు వెనక. మన వైపు నుంచి కాక్ పైకి లేస్తే ఇద్దరూ పక్కపక్కన. చాలామంది తడబడేది క్లియర్ దగ్గర. వెనక గీత నుంచి వెనక గీత దాకా బలంగా కొట్టాం కాబట్టి అది దాడి అనుకుంటారు. కాక్ పైకే లేచింది, అవతలివాళ్ళకి కొట్టడానికి అందింది. లెక్క ప్రకారం అది లిఫ్టే.

ఎందుకలా అన్నది కొలతల్లో ఉంది. డబుల్స్ కోర్టు వెడల్పు 6.10 మీటర్లు. పక్కపక్కన నిలబడితే ఒక్కొక్కరికీ 3.05 మీటర్లు వస్తుంది. చెయ్యి, రాకెట్, ఒక్క అడుగు కలిపితే అంతమేర అందుకోవచ్చు. స్మాష్ వచ్చేటప్పుడు దొరికే సమయం ఆ ఒక్క అడుగుకే. అదే లిఫ్ట్ ఇచ్చి ముందూ వెనకా ఉండిపోతే, వెనకున్న మనిషి రెండు సైడ్ లైన్లూ కాయాలి. అది ఎవరి వల్లా కాదు.

మనం స్మాష్ కొట్టినప్పుడు పరిస్థితి తిరగబడుతుంది. అవతలివాళ్ళు కింది నుంచి తీయాలి కాబట్టి వాళ్ళ జవాబు ఎక్కువగా రెండు రకాలు: నెట్ దగ్గర మెత్తగా వదలడం, లేదా పైకి లేపడం. లేపితే కాక్ వెనక్కి రావడానికి సమయం పడుతుంది, కాబట్టి కోర్టు వెనక భాగం మొత్తానికి ఒక్కరు సరిపోతారు. మెత్తగా వదిలినదాన్ని మాత్రం ఆలస్యం చేయకుండా, నెట్ పై పట్టీకి పైనుండగానే అందుకోవాలి. ముందు మనిషి ఉండేది అందుకే. ఆ మనిషి నెట్‌కి అతుక్కుని నిలబడితే మొహం పక్కనుంచి పోయే కాక్‌ని ఏమీ చేయలేడు. ముందు సర్వీస్ లైన్‌కి ఒక అడుగు వెనక, రాకెట్ పైకెత్తి ఉండటం నయం.

ఇంతవరకూ చెబితే అందరూ తలూపుతారు. అసలు చిక్కు మారే క్షణంలో వస్తుంది. ముందున్న మనిషికి వెనక ఏం జరుగుతోందో కనపడదు. పార్ట్‌నర్ స్మాష్ కొట్టాడా, ఆలస్యమై లేపేశాడా ఎలా తెలుస్తుంది? సహజంగా అందరూ తల తిప్పి చూస్తారు. అది ఆటకీ చెడ్డది, కంటికీ ప్రమాదం. మా హాల్లో ఒకాయన ఇలాగే వెనక్కి తిరిగి చూస్తే సొంత పార్ట్‌నర్ స్మాష్ నేరుగా కంటికి తగిలింది. రెండు నెలలు ఆటకి దూరమయ్యాడు. అందుకే నేను కొత్తవాళ్ళకి మొదట నేర్పేది స్మాష్ కాదు, ముందున్నప్పుడు మెడ తిప్పకుండా ఉండటం.

తల తిప్పకుండా తెలుసుకోవడానికి ఎదుటివాళ్ళే అద్దం. వాళ్ళు మోకాళ్ళు వంచి, రాకెట్లు నడుము ఎత్తుకి దించి కాచుకుంటుంటే మన పార్ట్‌నర్ కొట్టబోతున్నాడని అర్థం, ముందే ఉండండి. వాళ్ళలో ఒకరు తలెత్తి వెనక్కి అడుగులేస్తున్నారంటే కాక్ లేచిందని అర్థం, వెంటనే వెనక్కి రండి. దీనికి తోడు వెనకున్న మనిషి నోరు విప్పాలి. తను ఆలస్యమయ్యాడని తనకే అందరికంటే ముందు తెలుస్తుంది. "లేపుతున్నా" అన్న ఒక్క మాట, కాక్ రాకెట్‌కి తగలకముందే అనగలిగితే, ముందు మనిషికి ఒక అడుగు కలిసొస్తుంది.

ఒక ర్యాలీని అడుగడుగునా చూద్దాం. మీరు కుడి వైపు నుంచి చిన్న సర్వీస్ వేశారు. మీ పార్ట్‌నర్ మీ వెనకే ఉన్నారు, అంటే పాయింట్ మొదలయ్యేటప్పటికే మీరు దాడి వరుసలో ఉన్నారు. అవతలివాళ్ళు కాక్‌ని మీ ఎడమ వెనక మూలకి లేపారు. పార్ట్‌నర్ దాని కిందికి సరిగ్గా చేరలేకపోయారు. కాక్ ఆయన తల దాటి వెనక్కి పోతోంది, స్మాష్ కుదరదు, క్లియర్ చేయక తప్పదు. ఇప్పుడు ఆ క్లియర్ ఎటు పోతుందన్నదే ఇద్దరి గతినీ తేలుస్తుంది.

ఆయన సూటిగా, ఎడమ సైడ్ లైన్ వెంబడి కొట్టారనుకోండి. స్మాష్ మీకు ఎడమ వైపు నుంచే వస్తుంది. పార్ట్‌నర్ ఉన్న ఎడమ సగం దానికి సూటి దారి. మీరు వెనక్కి వచ్చి చేరేది కుడి సగం, అది ఐమూల దారి. ఐమూలగా వచ్చే కాక్‌కి దూరం ఎక్కువ, కాబట్టి ఇంకా వెనక్కి నడుస్తున్న మీకు కాస్త ఊపిరి దొరుకుతుంది. వెనకున్నవారు లేపితే ముందున్నవారు ఐమూల వైపుకి జరగాలని చెప్పేది ఇందుకే.

అదే ఆయన ఐమూలగా, కుడి మూలకి కొట్టారనుకోండి. స్మాష్ ఇప్పుడు కుడి వైపు నుంచి వస్తుంది. ఆయన ఎడమ మూలలోనే ఉన్నారు కాబట్టి కుడి సగం మీదే, కానీ ఈసారి అది సూటి దారి. అందరికంటే తక్కువ సమయం, ఇంకా కాళ్ళు నిలవని మనిషికి దక్కింది. వెనక మూలలో ఆలస్యమైనప్పుడు సూటిగానే క్లియర్ చేయమని నేను పట్టుబట్టేది ఈ కారణంతోనే. ఐమూల క్లియర్ చూడటానికి తెలివైన దెబ్బలా ఉంటుంది. దాని బాకీ తీర్చేది పార్ట్‌నర్.

ముందున్నవారే నెట్ దగ్గర నుంచి లేపితే పద్ధతి ఇంకా సులువు. లేపినవారు ఉన్న వైపే వెనక్కి వస్తారు. వెనకున్నవారికి అంతా కనపడుతుంది కాబట్టి రెండో వైపుకి సర్దుకునే బాధ్యత వారిది. లిఫ్ట్ పొట్టిగా పడితే మాత్రం వెనక్కి పరుగెత్తొద్దు. ఎక్కడున్నారో అక్కడే ఆగి, రాకెట్ ముందుకి పెట్టి, స్మాష్ పడేలోగా కాళ్ళు నిలబెట్టుకోవాలి. కదులుతూ ఆడే డిఫెన్స్ కంటే తప్పు చోట నిలకడగా ఆడే డిఫెన్స్ మేలు.

మన ర్యాలీకి వద్దాం. సూటి క్లియర్ తర్వాత మీరు పక్కపక్కన ఉన్నారు. పక్కపక్కన అంటే కోర్టుని సమంగా పంచుకోవడం కాదు, ఇద్దరూ కాక్ ఉన్న వైపుకి కొంచెం జరగాలి. పార్ట్‌నర్ ఎడమ గీత కాస్తారు. మీరు కుడి గీతని కాస్త వదిలి మధ్యకి వస్తారు, ఎందుకంటే ఇద్దరి మధ్యకి వచ్చే స్మాష్ ఐమూల వైపున్నవారిదని మా జంటల్లో ఒప్పందం. కొందరు వేరేలా పెట్టుకుంటారు, ఫరవాలేదు. ఒప్పందమే లేకపోతే రాకెట్లు విరుగుతాయి.

స్మాష్ పార్ట్‌నర్ మీదికి వచ్చింది. ఆయన మెత్తగా, సూటిగా నెట్ దగ్గర వదిలారు. మళ్ళీ దాడికి మారాలా వద్దా? అవతలి ముందు మనిషి రాకెట్ ఎక్కడ తగులుతుందో చూడండి. పట్టీకి కిందైతే ఆయన లేపక తప్పదు, లేదా నెట్ మీంచి జారనివ్వాలి. అప్పుడు కాక్ వదిలిన పార్ట్‌నర్ దాని వెంటే ముందుకి వెళ్ళిపోతారు, మీరు కుడి నుంచి వెనక మధ్యకి వస్తారు. పాత్రలు తారుమారై మళ్ళీ ముందూ వెనకా వరుస కుదిరింది, ఈసారి స్మాష్ మీది. పట్టీకి పైనే అందుకున్నాడా, కదలకండి, ఇంకో దెబ్బ కాయాలి. మా దగ్గర జంటలు ఎక్కువగా పోగొట్టుకునే పాయింట్ ఇదే. బ్లాక్ చేయగానే అది బాగా పడిందో లేదో చూడకుండా ముందుకి ఉరుకుతారు, ఖాళీ అయిన సగంలోకి కాక్ తోసేస్తారు.

నెట్ ఎత్తులో బల్లపరుపుగా డ్రైవ్‌లు నడుస్తున్నప్పుడు ఏ వరుసా పూర్తిగా ఉండదు. ఒకరు అర అడుగు ముందుగా, ఒకరు వెనకగా ఏటవాలుగా ఉంటారు. ఎవరి వైపు నుంచి కాక్ ముందుగా లేస్తుందో వాళ్ళు పక్కపక్కకి పోతారు.

బలమైన స్మాష్ ఉన్నవారు ఎప్పుడూ వెనకే ఉండాలని మనవాళ్ళకి ఒక నమ్మకం. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టి జంటలో సాధారణంగా సాత్విక్ వెనక, చిరాగ్ ముందు అన్నది నిజమే. కానీ 2022 థామస్ కప్ ఫైనల్‌లో ఇండోనేషియా జంటపై 18–21, 23–21, 21–19తో గెలిచిన ఆట వీడియో పెట్టుకుని, కాక్‌ని వదిలేసి కాళ్ళు మాత్రమే చూడండి. కాక్ ఎవరిని ముందుకి లాగితే వాళ్ళు ముందు ఆడతారు, చోట్లు మార్చుకోవడానికి ర్యాలీ మధ్యలో పరుగులు పెట్టరు.

మీ జంటలో తప్పు ఎక్కడుందో పోయిన పాయింట్లే చెబుతాయి. సైడ్ లైన్ల వెంబడి ఎవరికీ తగలకుండా పోతున్నాయంటే లేపాక కూడా ముందూ వెనకా ఉండిపోతున్నారు. స్మాష్ కొట్టాక నెట్ దగ్గర మెత్తగా పడి చచ్చిపోతున్నాయంటే దాడిలో కూడా పక్కపక్కనే ఉన్నారు. ఇద్దరి మధ్య నుంచి పోతున్నాయంటే ఒప్పందం లేదు.

మిక్స్‌డ్ డబుల్స్‌కి ఇదంతా అచ్చంగా వర్తించదు. అక్కడ చాలా జంటలు లేపాక కూడా ముందున్నవారిని పూర్తిగా వెనక్కి రప్పించవు, ఐమూల వైపు కొంచెం జరిగి ఆగమంటాయి. సూటి స్మాష్, మధ్యకి వచ్చేది వెనకున్నవారే చూసుకుంటారు.