ఫ్రంట్‌మన్

ఇంగ్లిషులో ‘ఫ్రంట్’ అంటే ముందు. ఫ్రంట్‌మన్ అంటే బ్యాండు ముందు నిలబడేవాడు. చీకటి వ్యాపారానికి పైకి కనిపించే ముఖాన్నీ ఇదే మాటతో పిలుస్తారు.

తెలుగువాళ్లకు ఈ మాట చెప్పాలంటే బుర్రకథ చాలు. తంబూరా పట్టిన కథకుడే ఫ్రంట్‌మన్. వంతలు ఎంత గట్టివాళ్లయినా జనం చూపు అతడి మీదే. జనం సద్దుమణిగారో, ఊగుతున్నారో చూసి కథ వేగం మార్చేదీ అతడే.

రాక్‌లో ఫ్రంట్‌మన్ తరచు పాట కూడా రాస్తాడు. అతడు పోతే చిక్కు అక్కడే. ‘డోర్స్’ గాయకుడు జిమ్ మారిసన్ 1971 జులైలో చనిపోయాడు. మిగిలిన ముగ్గురూ తామే పాడుతూ రెండు ఆల్బమ్‌లు తెచ్చినా, 1973కల్లా బ్యాండు ఆగిపోయింది. వాద్యాలు అవే, వాయించేవాళ్లూ వాళ్లే. గొంతూ, మాటల్లో చాలాభాగమూ పోయాయి.

‘ఏసీ/డీసీ’ గాయకుడు బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరిలో పోయాడు. కానీ అక్కడ బాణీలకు మూలం గిటార్ వాయించే యంగ్ సోదరులు. కొత్త గాయకుడు బ్రయన్ జాన్సన్‌తో అదే జులైలో ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ వచ్చింది. వాళ్ల ఆల్బమ్‌లలో ఎక్కువ అమ్ముడుపోయింది అదే.