‘నీరు’ తత్సమమా, దేశ్యమా?

సంస్కృత పదానికి తెలుగు ప్రత్యయం మాత్రమే చేరితే తత్సమం. సంస్కృతం నుంచో ప్రాకృతం నుంచో రూపం మారి వస్తే తద్భవం. ఈ రెండూ కానిది దేశ్యం. నిర్వచనం ఇంత తేలికే. చిక్కంతా పదాన్ని చేతిలోకి తీసుకున్నాకే.

అందరూ మొదట చూసే ఆనవాలు ఒత్తక్షరం. భక్తి, ముఖం తత్సమాలు. బత్తి, మొగం వాటి తద్భవాలు. అచ్చతెలుగు మాటల్లో మహాప్రాణాలు ఉండవన్నది చాలావరకు నిజం. అయితే నలభై, యాభై మాటేమిటి? నలుబది, ఏబది అనే దేశ్యరూపాలే కాలక్రమంలో అలా మారాయి. కాబట్టి ‘భ’ కనిపించగానే సంస్కృతం అనుకోకూడదు. మహాప్రాణం లేదని దేశ్యమనీ అనుకోకూడదు. బత్తిలో మహాప్రాణం లేదుగా!

ఇప్పుడు ‘నీరు’ చూద్దాం. సంస్కృతంలో ‘నీర’ ఉంది గనుక ఇది అక్కడి నుంచే వచ్చిందనుకోవడం సహజం. ఒత్తక్షరం ఇక్కడ ఏమీ చెప్పదు, విభక్తి చెబుతుంది. ఆ ‘నీర’ తెలుగులో నీరము అవుతుంది. నీరములో, నీటిలో అని రెండూ పలికి చూడండి. ఏరు ఏటిలో, నోరు నోటిలో అయినట్టే నీరు నీటిలో అయింది. నీరము అలా మారదు. బహువచనం ‘నీళ్లు’ కూడా ‘ఏళ్లు’, ‘ఊళ్లు’ సరసన చేరుతుంది. ఇంగ్లీషు మాట ‘కారు’ మాత్రం ‘కార్లు’ అవుతుంది. అయితే బహువచనాన్ని మరీ నమ్మలేం. ఇంగ్లీషు నుంచి వచ్చిన మైలు కూడా ‘మైళ్లు’ అయిందిగా. విభక్తి సాక్ష్యమే నాకు గట్టిగా కనిపిస్తుంది, అయినా అదొక్కటే చాలదు.

అందుకే ఇరుగుపొరుగు భాషలను అడగాలి. తమిళ, మలయాళాల్లో నీర్, కన్నడంలో నీరు. ఎక్కడో బలూచిస్థాన్‌లోని బ్రాహుయీలో ఉన్న ‘దీర్’ను కూడా బరో, ఎమెనో తమ ద్రావిడ నిఘంటువులో ఇదే కుదురులో చేర్చారు. ఋగ్వేదంలో నీటికి ఆపః, ఉదకం, సలిలం వంటి మాటలున్నాయి. ‘నీర’ తర్వాతి సంస్కృతంలో కనిపిస్తుంది. అది ద్రావిడం నుంచి సంస్కృతంలోకి వెళ్లిందని బరో అభిప్రాయం. ఈ ఆధారాలన్నీ ఒకవైపే మొగ్గుతున్నాయి కనుక ‘నీరు’ దేశ్యమనడమే సబబు.

మరి ‘నీరము’? క్షీరనీర న్యాయంలోని నీరంలాగే అది సంస్కృతం ద్వారా మనకు చేరింది, కాబట్టి వ్యాకరణం దృష్టిలో తత్సమమే. మాట ఎక్కడ పుట్టిందన్నది వేరు, తెలుగులోకి ఏ దారిన వచ్చిందన్నది వేరు. తత్సమం, తద్భవం అనే పేర్లు దారినే చెబుతాయి. పరీక్షలో ‘నీరు’, ‘నీరము’ పక్కపక్కన ఇస్తే మొదటిదానికి దేశ్యమని, రెండోదానికి తత్సమమని రాయవచ్చు. రెంటికీ మూలం ఒకటే కావచ్చన్నది ఆ ప్రశ్నకు అవతలి సంగతి.