నత్తగుల్లలో గడ్డిపరక

జూబ్లీహిల్స్ రోడ్డు నంబరు 46లో ఆరోగ్యశ్రీ ట్రస్టు కార్యాలయం. 2007లో మొదలైన ఆ పథకం, పుట్టుచెవుడు ఉన్న పసిపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంటు కోసం ఒక్కొక్కరికి 6.50 లక్షల రూపాయల దాకా ఇచ్చింది. జాబితాలో ఆ చికిత్స పేరులోనే ఆపరేషనుతో పాటు వినడం, మాట్లాడడం నేర్పే శిక్షణ కూడా ఉంది. ఎందుకో తెలియాలంటే ఆస్ట్రేలియా దాకా వెళ్లాలి.

ముందు హియరింగ్ ఎయిడ్‌కూ ఇంప్లాంటుకూ తేడా చూద్దాం. ఫిల్మ్‌నగర్‌లో సౌండ్ మిక్సింగ్ చేసేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ట్రాకు బాగుండి శబ్దం సన్నగా ఉంటే వాల్యూమ్ పెంచితే చాలు. ట్రాకే చెడితే ఎంత పెంచినా గోలే. లోపలిచెవిలో శబ్దాన్ని నరానికి అందించే సూక్ష్మ కణాలు కొంతైనా మిగిలినవాళ్లకు హియరింగ్ ఎయిడ్ పనిచేస్తుంది. అది శబ్దాన్ని పెంచుతుంది. కణాలు దాదాపు నశించి, ఎయిడ్ పెట్టుకున్నా మాట తెలియనివాళ్లకు ఇంప్లాంటు. అది ఆ కణాలను దాటేసి నేరుగా నరానికే విద్యుత్ సంకేతం ఇస్తుంది. ఆ నరమే లేకపోతే ఇంప్లాంటూ పనిచేయదు. అందుకే ముందు స్కానింగ్ చేస్తారు, కొన్ని నెలలు ఎయిడ్‌ పెట్టి చూస్తారు.

ఇక ఆస్ట్రేలియా కథ. అక్కడ ఈ ఇంప్లాంటును తీర్చిదిద్దిన గ్రేమ్ క్లార్క్ తండ్రి మందుల దుకాణం నడిపేవారు, ఆయనకు సరిగా వినపడేది కాదు. కొడుకు చెవి డాక్టరయ్యారు. నత్తగుల్లలా చుట్టుకున్న లోపలిచెవిలోకి, దాన్ని చింపకుండా, నరానికి సంకేతం ఇచ్చే తీగను ఎలా పంపాలన్నదే క్లార్క్ చిక్కు. 1977లో సముద్రతీరాన ఒక గుల్లలోకి గడ్డిపరక దూర్చి చూశారు. కొస మెత్తగా, మొదలు బిరుసుగా ఉన్న పరక మెలికలు తిరుగుతూ లోపలికి పోయింది. తీగనూ అలాగే చేయించారు.

1978 ఆగస్టు 1న మెల్‌బోర్న్‌లో, కారు ప్రమాదంలో వినికిడి పోయిన రాడ్ సాండర్స్‌కు ఇంప్లాంటు అమర్చారు. మొదట స్విచ్ వేస్తే ఏమీ వినపడలేదు. పరికరంలో లోపం సరిచేశాక జాతీయగీతం వినిపిస్తే, పోల్చుకుని లేచి నిలబడ్డారు. మాటలు తెలియడానికి ఇంకొన్ని నెలలు పట్టింది. అదీ ఒకప్పుడు విన్న మనిషికి.

పుట్టుచెవుడున్న బిడ్డకు పోల్చుకోవడానికి పాత శబ్దమే లేదు. స్విచ్ వేసిన రోజు బిడ్డ ఉలిక్కిపడొచ్చు, ఏడవొచ్చు, "అమ్మా" అనదు. రెండేళ్లలోపే అమర్చి, కొన్నేళ్లు రోజూ ఇంట్లో మాట్లాడిస్తే చాలామందికి మాటలు వస్తాయి. ఆరేడేళ్లు దాటాక మొదలుపెడితే శబ్దం తెలుస్తుంది కానీ మాట తేటపడడం కష్టం. బాగా వచ్చినవాళ్లకూ సందడిలో మాట, పాటలో రాగం కష్టమే. స్నానానికి, శబ్దాన్ని సంకేతంగా మార్చే బయటి ప్రాసెసర్ తీస్తే మళ్లీ నిశ్శబ్దమే.

అందుకే అమ్మానాన్నలకు నా మనవి: ఆపరేషను తేదీ అడిగేముందు, శిక్షణ ఎవరిస్తారో, ప్రాసెసర్ పాడైతే ఖర్చు ఎవరిదో అడగండి.