ప్లేబ్యాక్ లోపం: సపోర్ట్‌కు ఫిర్యాదు రాసే పద్ధతి

వీడియో గానీ పాట గానీ మొదలుకాకపోవడం, మధ్యలో నిలిచిపోవడం, మాటకూ పెదవికీ పొంతన తప్పడం, బొమ్మ కుదుపులతో కదలడం వంటి వాటిని ప్లేబ్యాక్ లోపాలంటారు. వీటి గురించి ఫిర్యాదు చేస్తే సపోర్ట్ వాళ్లు డివైస్ ఏది, యాప్ వెర్షన్ ఎంత, ఏమేం చేశారు, స్క్రీన్‌షాట్ ఉందా అని అడుగుతారు. చాలామందికి ఇది తప్పించుకునే తంతులా కనిపిస్తుంది. నిజానికి లక్షణం ఒకటే అయినా కారణాలు అనేకం కావడం వల్లే ఆ ప్రశ్నలు పుట్టాయి. ‘వీడియో ఆగి ఆగి వస్తోంది’ అన్న మాట వెనక నెట్ నెమ్మది ఉండొచ్చు, ప్రాసెసర్ చాలకపోవచ్చు, ఆ ఒక్క వీడియో ఫైలే పాడై ఉండొచ్చు. ఫిర్యాదులోని ప్రతి వివరం వీటిలో ఏదో ఒకదాన్ని కొట్టివేయగలగాలి. ఏదీ కొట్టివేయని వివరం ఎంత పొడవున్నా బరువే తప్ప బలం కాదు.

2017 నాటి లాప్‌టాప్‌లో, క్రోమ్ బ్రౌజర్‌లో, యూట్యూబ్ వీడియో 1080p60 దగ్గర కుదుపులతో నడుస్తోందనీ, శబ్దం మాత్రం సాఫీగా వస్తోందనీ అనుకుందాం. ముందు నెట్‌నే అనుమానిస్తాం. వీడియో మీద మౌస్ కుడి బటన్ నొక్కి Stats for nerds ఎంచుకుంటే తెరపై ఒక పట్టీ తెరుచుకుంటుంది. అందులో Buffer Health అంటే ముందుగానే దిగి సిద్ధంగా ఉన్న వీడియో ఎన్ని సెకన్లదో చెప్పే అంకె. అది 30 సెకన్ల దగ్గర నిలకడగా ఉంటే నెట్ నిర్దోషి. Frames వరుసలో dropped పక్కన ఉన్న అంకె చూస్తుండగానే పెరుగుతోందంటే, దిగిన బొమ్మల్ని యంత్రం సమయానికి విప్పలేక వదిలేస్తోందన్నమాట. Codecs వరుసలో av01 అని ఉంటే అనుమానం ఇంకా బిగుస్తుంది. AV1 ఫార్మాట్ వచ్చింది 2018లో. ఇంటెల్ ప్రాసెసర్లలో దాన్ని విప్పే ప్రత్యేక సర్క్యూట్ 2020లో, 11వ తరంతో మొదలైంది. పాత చిప్‌లో ఆ పనంతా సాఫ్ట్‌వేర్ మీద, అంటే ప్రాసెసర్ మీద పడుతుంది.

ఇక్కడితో ఆగితే అది ఊహే. యూట్యూబ్ ప్లేబ్యాక్ సెట్టింగుల్లో Prefer AV1 for SD ఎంచుకుని, అదే వీడియోను అదే నాణ్యతలో మళ్లీ నడపాలి. Codecs దగ్గర vp09 వచ్చి, dropped అంకె కదలకుండా నిలిచిందంటే తేడా ఎక్కడుందో తేలినట్టే. ఒకేసారి బ్రౌజర్, వైఫై, వీడియో మూడూ మార్చి ‘ఇప్పుడు బాగుంది’ అని రాస్తే, ఏది మార్చడం వల్ల బాగైందో ఎవరూ చెప్పలేరు. లోపం కనిపించే చోటుతో పాటు కనిపించని చోటునూ చెప్పడమే ఫిర్యాదుకు ప్రాణం. డివైస్ పేరు, వెర్షన్ ఆ పోలికను నిలబెట్టే ఆధారాలు. అందుకే ‘లేటెస్ట్ వెర్షనే’ అన్న జవాబు పనికిరాదు. అప్‌డేట్‌లు విడతలవారీగా వదులుతారు గనక ఒకే రోజున ఇద్దరి ‘లేటెస్ట్’ వేరుగా ఉండొచ్చు. chrome://version పేజీలోని పూర్తి వెర్షన్ సంఖ్యను చివరి చుక్క తర్వాతి అంకెలతో సహా కాపీ చేసి ఇవ్వాలి.

స్క్రీన్‌షాట్‌తో ఒక చిక్కుంది. ఆగిన సినిమా బొమ్మను తీస్తే అందులో లోపం కనిపించదు. పైన చెప్పిన పట్టీ తెరిచి ఉంచి తీస్తేనే అది సాక్ష్యం. కుదుపు, పెదవుల పొంతన వంటివి నిలిచిన బొమ్మలో అసలు పట్టుబడవు. వాటికి పది సెకన్ల వీడియో కావాలి. కాపీ రక్షణ ఉన్న ఓటీటీ యాప్‌లలో స్క్రీన్‌షాట్ నల్లగా రావచ్చు. అది ఆ రక్షణ చేసే పనే, కొత్త లోపం కాదు. అలాంటప్పుడు మరో ఫోన్‌తో ఫొటో తీయడమే దారి. పంపే ముందు ఈమెయిల్, పేమెంట్ వివరాలు కనిపించకుండా కత్తిరించాలి.

యాప్ ఎలాగూ సమాచారం కంపెనీకి పంపుతుంది కదా, వాడేవాళ్లకు ఈ శ్రమ ఎందుకని అడగవచ్చు. ఎర్రర్ కోడ్ వచ్చిన సందర్భాల్లో ఆ వాదన కొంత నిజమే. కానీ శబ్దం అర సెకను వెనకబడినా, రంగులు ఆకుపచ్చగా మారినా, ప్లేయర్ లెక్కలో అంతా సవ్యంగా ఉండొచ్చు. ఆ తప్పు చూసే కంటికే తెలుస్తుంది. మరో అభ్యంతరం: ఇన్ని వివరాలిచ్చినా ‘యాప్ తీసేసి మళ్లీ వేసుకోండి’ అన్న జవాబే వస్తుందని. అలా వచ్చే మాట వాస్తవమే, అందుకే వరుస ముఖ్యం. యాప్ తీసేస్తే దాని క్యాష్, సెట్టింగులు పోతాయి. వాటితో పాటే లోపమూ మాయమైతే కారణం వెతకడానికి ఏమీ మిగలదు. కాబట్టి ముందు వెర్షన్, పట్టీ ఫొటో, లోపం కనిపించిన సమయం, వీడియో లింకు భద్రపరచాలి. యూట్యూబ్‌లోనైతే కుడి బటన్ జాబితాలోని Copy debug info ప్లేయర్ వివరాలను అక్షరాల రూపంలో ఇస్తుంది. దాన్ని ఫిర్యాదులో అతికించిన తర్వాతే యాప్ తీసి వేసుకోవాలి.