మైలుతుత్తం చెప్పిన లెక్క

డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త జూలియస్ థామ్సన్ పుట్టింది 1826 ఫిబ్రవరి 16న, కోపెన్‌హేగెన్‌లో. 2026తో ఆయనకు 200 ఏళ్లు నిండాయి. మన ఇంటర్ విద్యార్థులకు ఆయన పేరు తెలియకపోవచ్చు గానీ, కాపర్ సల్ఫేట్ నీళ్లలో కరిగితే ఎంత వేడి పుడుతుందన్న లెక్క మాత్రం బాగా తెలుసు. ఆ లెక్కలో కనిపించే విలువలు ఆయన 19వ శతాబ్దంలో కొలిచిన వాటికి చాలా దగ్గరగా ఉంటాయి.

వేడిని కొలవవచ్చన్న ఆలోచన థామ్సన్‌ది కాదు. 1760ల్లో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు అని తేల్చాడు. 1782-83 చలికాలంలో లెవోయిజర్, లాప్లాస్ చుట్టూ మంచు నింపిన పాత్రలో వస్తువును ఉంచి, కరిగిన మంచు బరువును బట్టి వేడిని లెక్కగట్టారు. 1840లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జెర్మైన్ హెస్ గంధకామ్లానికి వేర్వేరు మోతాదుల్లో నీళ్లు కలిపి, ఆ తర్వాత అమ్మోనియాతో తటస్థీకరించాడు. ముందు ఎన్ని నీళ్లు కలిపినా రెండు దశల వేడి మొత్తం ఒకటే వచ్చింది. ఏ దారిన వెళ్లినా మొదలూ చివరా ఒకటే అయితే మొత్తం వేడి మారదన్న హెస్ నియమం అలా పుట్టింది.

ఆ నియమాన్ని చేతపట్టుకుని జీవితమంతా కొలుస్తూ కూర్చున్నవాడు థామ్సన్. గ్రీన్‌లాండ్ నుంచి వచ్చే క్రయొలైట్ ఖనిజంతో సోడా తయారుచేసే పద్ధతి కనిపెట్టిన మనిషి ఆయన. పరిశ్రమ ఎదిగినా కెలోరీమీటరును వదల్లేదు. సుమారు 3,500 కొలతలు స్వయంగా తీసి, 1882 నుంచి 1886 వరకు నాలుగు సంపుటాలుగా అచ్చువేశాడు. ఆయన పని విలువ సంఖ్యలో కన్నా క్రమంలో ఉంది. గది ఉష్ణోగ్రత 18 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంచేవాడు. చాలా లవణాలను ఒక మోల్‌కు 400 మోల్‌ల నీళ్ల చొప్పున కరిగించేవాడు. అందుకే ఒక లవణం వేడిని మరో లవణం వేడితో ధైర్యంగా పోల్చగలిగాడు.

వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కాపర్ సల్ఫేట్ జంట. మన రైతులు బోర్డో మిశ్రమంలో కలిపే మైలుతుత్తం నీలి స్ఫటికం. అందులో ఒక్కో కాపర్ సల్ఫేట్‌కు అయిదు నీటి అణువులు అంటిపెట్టుకుని ఉంటాయి. వేయించి ఆ నీటిని వెళ్లగొడితే తెల్లటి పొడి మిగులుతుంది. తెల్లపొడి కరిగితే మోల్‌కు 15.8 కిలోకేలరీల వేడి బయటికొస్తుందని, నీలి స్ఫటికం కరిగితే 2.75 కిలోకేలరీలు లోపలికి పోతాయని థామ్సన్ కొలిచాడు. నేటి కొలమానంలో అవి సుమారు 66, 11.5 కిలోజౌళ్లు. ఆయన బయటికొచ్చే వేడిని ధనాత్మకంగా రాశాడు. ఇప్పుడు ఎంథాల్పీ మార్పుగా రాసేటప్పుడు దాన్నే రుణాత్మకంగా, మైనస్ 66 అని రాస్తాం.

ఈ ప్రయోగానికి కళాశాలలో రెండు థర్మాకోల్ కాఫీ కప్పులు, ఒక మూత, పదో వంతు డిగ్రీ చూపే థర్మామీటరు చాలు. కప్పులో కప్పు పెట్టి, బీకరులో నిలబెట్టి, 50 గ్రాముల నీళ్లు పోస్తారు. తెల్లపొడి 3.99 గ్రాములు తూస్తే, మోల్ బరువు 159.6 గ్రాములు కాబట్టి అది 0.025 మోల్. మొదటి మూడు నిమిషాలు నీటి ఉష్ణోగ్రతను అరనిమిషానికోసారి రాసుకుంటారు. నాలుగో నిమిషంలో పొడి వేసి, కలుపుతూ పదో నిమిషం దాకా రాస్తారు.

పొడి వేయగానే ఉష్ణోగ్రత గబుక్కున ఎగరదు. తడి తగలగానే పొడి గట్టి నీలి ముద్దలు కట్టి, నెమ్మదిగా కరుగుతుంది. ఈలోగా కొంత వేడి జారిపోతుంది. అందుకే థర్మామీటరు చూపిన గరిష్ఠాన్ని నమ్మకూడదు. గ్రాఫులో చల్లబడుతున్న గీతను వెనక్కి, నాలుగో నిమిషం దాకా పొడిగించి, అక్కడి పెరుగుదలను చదవాలి. గరిష్ఠం 7.1 డిగ్రీల పెరుగుదల చూపితే, గీత 7.6 చూపవచ్చు. ఇలాంటి పల్చటి ద్రావణం వేడిని పట్టుకునే శక్తి దాదాపు అందులోని నీటికి ఉన్నంతే. కాబట్టి 50ని 4.18తోనూ 7.6తోనూ గుణిస్తే సుమారు 1,588 జౌళ్లు. 0.025తో భాగిస్తే మోల్‌కు మైనస్ 63.5 కిలోజౌళ్లు. గీత పొడిగించకపోతే 59 దగ్గరే ఆగిపోయేవాళ్లం.

థామ్సన్ 66కు మన 63.5 తక్కువ. ఆ మిగతా వేడిలో కొంత కప్పు, థర్మామీటరు, గాలి తీసుకున్నాయి. కానీ తేడా మరీ ఎక్కువైతే మొదట అనుమానించాల్సింది పొడినే. దానికి గాలిలోని తేమను లాగేసే గుణం ఉంది. లేత నీలి ఛాయ కనిపించిందంటే కొంత నీరు అప్పటికే చేరిపోయిందన్నమాట. మొదటి నీటి అణువు అంటుకున్నప్పుడే అన్నిటికన్నా ఎక్కువ వేడి వెళ్లిపోతుంది. అంటే కాస్త తేమకే కొలత బాగా పడిపోతుంది.

రెండో సగం నీలి స్ఫటికాలది. వాటిని 6.24 గ్రాములు తీసుకుంటే అదే 0.025 మోల్. అందులోనే 2.25 గ్రాముల నీరు ఉంది కాబట్టి కప్పులో 47.75 గ్రాములే పోయాలి. అప్పుడు రెండు కప్పుల్లోనూ చివరికి మిగిలేది ఒకే ద్రావణం. ఇక్కడ ఉష్ణోగ్రత ఒకటిన్నర డిగ్రీ కూడా తగ్గదు. థర్మామీటరు చదవడంలో 0.15 డిగ్రీ పొరపాటు పడితే ఫలితం పదో వంతు తప్పుతుంది. థామ్సన్ కొలిచిన రెండు విలువలను హెస్ నియమంతో కలిపితే, తెల్లపొడి అయిదు నీటి అణువులను పట్టుకుని నీలి స్ఫటికమయ్యేటప్పుడు మోల్‌కు సుమారు 78 కిలోజౌళ్ల వేడి వెలువడుతుందని తేలుతుంది. దాన్ని కప్పులో నేరుగా కొలవలేం. పొడి అంతటికీ సరిగ్గా అయిదేసి అణువులు అందించడం ఎవరి చేతా కాదు.

అయితే థామ్సన్ కొలతలు ఆయన నమ్మకానికే ఎదురు తిరిగాయి. రసాయన చర్యను నడిపించేది బయటికొచ్చే వేడేనని ఆయన 1854లో ప్రతిపాదించాడు. ఫ్రాన్స్‌లో బెర్తెలో కూడా అదే దారి పట్టాడు. మరి నీలి స్ఫటికం వేడిని లోపలికి లాక్కుంటూ కూడా తనంతట తానే కరుగుతుంది కదా! 1882లో హెల్మ్‌హోల్ట్జ్ స్వేచ్ఛాశక్తి భావనతో దీనికి జవాబిచ్చాడు. సిద్ధాంతం కూలింది, సంఖ్యలు మిగిలాయి.

ఆ తర్వాత కథ ఒక దారిన సాగదు. పెద్ద ప్రయోగశాలలు మూసిన ఉక్కుపాత్రలకు, విద్యుత్‌తో సరిచూసే యంత్రాలకు మళ్లాయి. తరగతి గది థర్మాకోల్ కప్పు దగ్గర స్థిరపడింది. 2022 జులై 1 నుంచి మన దేశంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులను నిషేధించాక కొందరు కాగితం కప్పులకు, కొందరు స్టీలు ఫ్లాస్కులకు మారారు. పాత్ర మారితే అది పీల్చే వేడీ మారుతుంది. వేడినీళ్లు, చన్నీళ్లు కలిపి ఆ వాటాను ముందుగా కొలుచుకోకపోతే లెక్క తప్పుతుంది.

అధ్యాపకులకు ఒక మనవి. తెల్లపొడితో ఆపేయకండి, నీలి స్ఫటికాన్నీ కరిగించి చూపించండి. ఫలితం పక్కన ఉష్ణోగ్రత, మోల్‌కు ఎన్ని మోల్‌ల నీరు అన్న రెండు వివరాలూ రాయించండి. రాగి ద్రావణాన్ని మురుగులో పారబోయకుండా ఇగిర్చి స్ఫటికాలుగా దాచండి, మరుసటి ఏడాది పిల్లలకు పనికొస్తాయి.